ఆ రోజు అక్కడ లేనివారి జ్ఞాపకం

మతవిశ్వాసం కోసం ప్రాణం విడిచినవారిని వేర్వేరు సమాజాలు ఎలా స్మరిస్తున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ స్మరణ భారమంతా మరణం జరిగిన చోట లేనివారి భుజాల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. ప్రాణాలిచ్చినవారి కథ ఒక రోజుతో ముగిసిపోతుంది. దూరంగా ఉన్నందువల్లనో, భయపడి ఇంట్లో దాక్కున్నందువల్లనో, కొన్ని వందల ఏళ్ల తర్వాత పుట్టినందువల్లనో ఆ రోజు అక్కడ లేకపోయినవారు మాత్రం ఆ లోటును ఏదో ఒక పనితో పూడ్చుకోవలసి వస్తుంది. ఎముకలను భద్రపరచడం, తేదీని గుర్తుంచుకోవడం, కథను ఏడుస్తూ చెప్పడం, నిప్పుల గుండం చుట్టూ తిరగడం, దారిన పోయేవారికి చల్లని నీళ్లివ్వడం వంటివన్నీ అలా పుట్టిన పనులే. క్రైస్తవ, షియా, సిక్కు సంప్రదాయాల్లోని మూడు ఘట్టాలను ఈ కోణంలో చూడవచ్చు. వాటిలో కర్బలా కథ తెలుగు పల్లెల దాకా నడిచి వచ్చింది కనుక దానికి ఎక్కువ చోటివ్వడం న్యాయం.

నేటి తుర్కియేలోని ఇజ్మీర్ నగరానికి పూర్వనామం స్మిర్నా. క్రీస్తుశకం 2వ శతాబ్ది మధ్యలో ఆ ఊరి క్రైస్తవ సంఘానికి బిషప్పుగా, అంటే పెద్దగా, ఉన్న పాలికార్పును రోమన్ అధికారి జనంతో కిక్కిరిసిన క్రీడాంగణంలో నిలబెట్టి, క్రీస్తును దూషించి చక్రవర్తి పేర ప్రమాణం చేస్తే విడిచిపెడతానన్నాడు. ఎనభై ఆరేళ్లుగా తాను సేవిస్తున్న ప్రభువు తనకు ఏ కీడూ చేయలేదని, ఆయనను ఎలా దూషించగలనని ఆ వృద్ధుడు బదులు చెప్పగా, ఆయనను మంటల్లో నిలిపి, చివరికి కత్తితో పొడిచి చంపారు. ఈ వివరాలన్నీ స్మిర్నా సంఘం ఫిలొమేలియం అనే మరో ఊరి సంఘానికి రాసిన లేఖ వల్ల తెలుస్తున్నాయి. కొత్త నిబంధన తర్వాతి క్రైస్తవ సాహిత్యంలో హతసాక్షి మరణాన్ని వర్ణించిన తొలి రచనల్లో దీన్ని ఒకటిగా పండితులు లెక్కిస్తారు. విశ్వాసాన్ని విడనాడకుండా చంపబడినవారిని తెలుగు క్రైస్తవులు హతసాక్షులంటారు. ఆ రోజు అక్కడ లేనివారు వివరంగా చెప్పమని అడిగారు కాబట్టే ఆ లేఖ పుట్టింది.

ఆ లేఖలో రెండు సంగతులు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది, కాలిపోయిన దేహం నుంచి మిగిలిన ఎముకలను సంఘస్థులు రత్నాల కన్నా విలువైనవిగా ఎంచి ఏరుకుని తగిన చోట ఉంచారు. ఏటా అదే రోజున అక్కడ కూడి, ఆ మరణదినాన్ని ఆయన పుట్టినరోజుగా జరుపుకోవాలని అనుకున్నారు. సమాధి, తేదీ, సమావేశం అనే మూడూ కలిసిన ఈ ఏర్పాటే తరువాతి శతాబ్దాల్లో రోమ్ నుంచి ఉత్తర ఆఫ్రికా దాకా చర్చిల పండుగల పట్టికలకు పునాది అయింది. రెండవది, క్వింటస్ అనే ఫ్రిజియా వాసి ప్రసక్తి. అతడు ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను అధికారుల ముందుకు వెళ్లి, మరికొందరినీ వెంట తీసుకుపోయి, తీరా క్రూరమృగాలను చూడగానే ధైర్యం సడలి చక్రవర్తి పేర ప్రమాణం చేశాడు. తమను తాము అప్పగించుకునేవారిని మెచ్చుకోబోమని లేఖ స్పష్టంగా చెబుతుంది. మరణాన్ని వెతుక్కుంటూ వెళ్లడం వేరు, అది ఎదురైనప్పుడు విశ్వాసాన్ని వదలకపోవడం వేరు అన్న గీతను హతసాక్షుల సాహిత్యం తన మొదటి అడుగుల్లోనే గీసుకున్నదన్నమాట. ఇది ఎంతో విలువైన జాగ్రత్త; దీన్ని మరచిన ప్రతి కాలంలోనూ, ప్రతి మతంలోనూ యువకుల ప్రాణాలు వృథాగా పోయాయి.

సమాధి దగ్గర కూడే ఆచారానికి ఒక పరిమితి ఉంది: సమాధి ఒక్క ఊరిలోనే ఉంటుంది. దూరప్రాంతాల క్రైస్తవులు ఈ చిక్కును దేహాన్ని పంచుకోవడం ద్వారా తీర్చుకున్నారు. ఎముక ముక్క, సమాధికి తాకించిన గుడ్డ, అక్కడి దీపంలోని నూనె కూడా హతసాక్షి సన్నిధిగా చెల్లుబాటు కావడంతో 4వ శతాబ్ది నుంచి ఈ అవశేషాలు ఊరూరికీ ప్రయాణించాయి. 787లో జరిగిన రెండవ నైసియా మహాసభ, అవశేషాలు లేకుండా చర్చిని ప్రతిష్ఠించరాదని నియమం చేసే దాకా ఆ ఆచారం పెరిగింది. గిరాకీ పెరిగిన చోట నకిలీ కూడా తప్పదు. గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సులో, టూర్స్ నగరానికి బిషప్పుగా ఉన్న మార్టిన్ జీవితచరిత్రలో ఇందుకొక ఉదాహరణ కనిపిస్తుంది. తన ఊరి దగ్గర ఒక హతసాక్షి సమాధి అని జనం కొలుస్తున్న చోట పూర్వపు బిషప్పు బలిపీఠం కూడా కట్టించి ఉండగా, మార్టిన్ అక్కడి వృద్ధ పురోహితులను రెండే ప్రశ్నలు అడిగాడు: ఆ హతసాక్షి పేరేమిటి, ఆయన ఏ రోజున చనిపోయాడు? ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి అక్కడ పూడ్చింది శిక్షపడి చచ్చిన ఒక దొంగనని తేలిందని, మార్టిన్ ఆ బలిపీఠాన్ని తీసివేయించాడని ఆయన శిష్యుడు సుల్పీషియస్ సెవెరస్ రాశాడు. దొంగ ఆత్మ కనబడి తానెవరో ఒప్పుకున్నదనే భాగాన్ని నమ్మినా నమ్మకపోయినా, మార్టిన్ అడిగిన ప్రశ్నలు ఏ కాలానికైనా పనికివచ్చేవే. పేరూ తేదీ లేని స్మరణను అనుమానించాలన్నది ఆనాటి సంఘానికి తెలిసిన పరీక్ష. 401లో కార్తేజ్ సభ కూడా హతసాక్షుల దేహం గానీ నమ్మదగిన అవశేషం గానీ లేని బలిపీఠాలను, ముఖ్యంగా ఎవరికో కల వచ్చిందని కట్టినవాటిని, తొలగించాలని తీర్మానించింది.

కర్బలా విషయంలో పేరు, తేదీ, స్థలం మూడింటికీ సందేహం లేదు. హిజ్రీ శకం 61వ సంవత్సరం మొహర్రం నెల 10వ రోజున, అంటే క్రీస్తుశకం 680 అక్టోబరు 10న, ప్రవక్త మహమ్మద్ మనుమడైన ఇమామ్ హుసేన్ నేటి ఇరాక్‌లోని కర్బలా మైదానంలో తన బంధువులతో, అనుచరులతో కలిసి హతుడయ్యాడు. చనిపోయినవారు 72 మంది అన్నది సంప్రదాయంలో స్థిరపడిన లెక్క. ఖలీఫా పదవికి వచ్చిన యజీద్‌కు విధేయత ప్రకటించడానికి హుసేన్ నిరాకరించడం, కూఫా నగరవాసులు తమ దగ్గరికి రమ్మని, అండగా నిలుస్తామని ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం, ఆయన కుటుంబంతో సహా బయలుదేరడం, ఈలోగా యజీద్ నియమించిన గవర్నరు ఉబైదుల్లా ఇబ్న్ జియాద్ కూఫాను భయపెట్టి లొంగదీసుకోవడం వరుసగా జరిగాయి. హుసేన్ ముందుగా పంపిన ముస్లిం ఇబ్న్ అఖీల్‌ను కూఫాలోనే చంపారు. ఉత్తరాలు రాసినవారిలో చాలామంది ఇల్లు కదల్లేదు. మొహర్రం 7 నుంచి యూఫ్రటీస్ నీరు గుడారాలకు అందకుండా సైన్యం అడ్డుకుంది. నీళ్లు తేవడానికి వెళ్లిన జెండాధారి అబ్బాస్ చేతులు తెగి పడిపోవడం, దాహంతో అల్లాడుతున్న పసికందు అలీ అస్గర్ తండ్రి చేతుల్లోనే బాణం తగిలి చనిపోవడం ఈ కథలో తరతరాలుగా కన్నీరు పెట్టించే ఘట్టాలు. మిగిలిన స్త్రీలను, పిల్లలను, జబ్బుతో యుద్ధానికి దిగలేకపోయిన హుసేన్ కొడుకు అలీ జైనుల్ ఆబిదీన్‌ను బందీలుగా కూఫాకు, అక్కడి నుంచి డమాస్కస్‌కు నడిపించారు. అక్కడ యజీద్ కొలువులోనే హుసేన్ చెల్లెలు జైనబ్ నిలబడి నిలదీసిందని, కర్బలా కథను మొదట లోకానికి వినిపించిన గొంతు ఆమెదేనని షియాలు గౌరవంగా చెప్పుకుంటారు.

ఈ స్మరణ సంతాపం రూపం తీసుకోవడానికి మూలం కూఫావాసుల అపరాధ భావనలో ఉంది. పిలిచి మోసం చేశామన్న బాధతో కుమిలిపోయిన కొందరు సులైమాన్ ఇబ్న్ సురద్ అనే పెద్దమనిషి నాయకత్వంలో ఒక బృందంగా ఏర్పడ్డారు. వారికి తవ్వాబూన్, అంటే పశ్చాత్తాపపడినవారు, అన్న పేరు నిలిచింది. 684 చివర వారు కర్బలా చేరి, హుసేన్ సమాధి దగ్గర ఒక పగలూ ఒక రాత్రీ విలపించి, అటు తరువాత తమకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఉమయ్యద్ సైన్యం మీదికి వెళ్లి, 685 జనవరిలో ఐనుల్ వర్దా అనే చోట చాలామంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు అక్కడ లేకపోయినందుకు సమాధి దగ్గర ఏడవడం అనే ఆచారం ఇంత తొందరగా, హతుడైన నాలుగేళ్లకే, కనిపించడం గమనించవలసిన సంగతి. కూఫాకే చెందిన అబూ మిఖ్నఫ్ అనే చరిత్రకారుడు ఆ వృత్తాంతాలను సేకరించి 8వ శతాబ్దిలో మఖ్తల్, అంటే వధ వృత్తాంతం, రాశాడు. ఆ గ్రంథం విడిగా దక్కకపోయినా తబరీ అనే మహాచరిత్రకారుడు దానిలో చాలా భాగాన్ని తన చరిత్రలో ఎత్తి రాయడం వల్ల నిలిచింది.

జ్ఞాపకానికి శత్రువులు కూడా దాని బలాన్ని గుర్తించారు. అబ్బాసిద్ ఖలీఫా ముతవక్కిల్ 850 ప్రాంతంలో హుసేన్ సమాధిని నేలమట్టం చేయించి, ఆ నేలను దున్నించాడు. అయినా యాత్రలు ఆగలేదు. నూరేళ్లు తిరిగేసరికి, 963లో, బాగ్దాద్ మీద పెత్తనం చేస్తున్న షియా వంశీయుడు ముఇజ్జుద్దౌలా మొహర్రం 10న బజార్లు మూయించి బహిరంగ సంతాపం పాటించాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఇళ్లలో, సమాధి దగ్గర సాగిన దుఃఖం అప్పుడు వీధిలోకి వచ్చింది.

దూరదేశాలకు ఈ స్మరణను చేర్చింది ఎముక ముక్కలు కావు, కథ. 1502 ప్రాంతంలో నేటి అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ నగరంలో హుసేన్ వాయిజ్ కాషిఫీ పర్షియన్ వచనంలో రాసిన రౌజతుష్షుహదా అనే గ్రంథాన్ని మొహర్రం సభల్లో చదివే అలవాటు ఎంతగా వ్యాపించిందంటే, సభలో కర్బలా గాథ చెప్పేవారికి ఆ గ్రంథం పేరు మీదనే రౌజాఖాన్ అనే వృత్తినామం వచ్చింది. ఆ గ్రంథంలో ప్రాచుర్యం పొందిన ఘట్టాల్లో ఒకటి ఖాసిం పెళ్లి. హుసేన్ అన్న హసన్ కొడుకైన ఖాసిం నూనూగు మీసాల కుర్రవాడు. యుద్ధానికి ముందే అతనికి హుసేన్ కూతురితో నిఖా జరిగిందని, పెళ్లికొడుకు పారాణి ఆరకముందే రణరంగంలో కూలిపోయాడని ఆ కథ. తొలినాటి వృత్తాంతాల్లో ఖాసిం మరణం ఉంది గాని పెళ్లి లేదు. చరిత్రకారుడు దాన్ని పక్కన పెట్టక తప్పదు. షియా పండితుల్లోనే కొందరు తప్పుపట్టారు కూడా. కాని సామాన్యులకు కర్బలాను ఇంటి దుఃఖంగా మార్చినవాటిలో ఈ పెళ్లి ముందుంటుంది. ఏడో శతాబ్దపు అరబ్బు రాజకీయాలు తెలియని తల్లికి కూడా పెళ్లిపందిట్లోంచి లేచిపోయిన కొడుకు కథ విడమరచి చెప్పనక్కరలేదు.

దక్కనులో ఈ కథకు రాజాశ్రయం దొరికింది. గోల్కొండ నేలిన కుతుబ్ షాహీలు షియాలు. హైదరాబాద్ నగరానికి 1591లో పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ వెంటనే చార్మినార్‌కు దగ్గరలో బాద్‌షాహీ అషూర్ ఖానా కట్టించాడు. మొహర్రం పది రోజులూ సంతాప సభలు జరిగే మందిరాన్ని అషూర్ ఖానా అంటారు. దాని గోడల మీది రంగురంగుల పింగాణీ పలకల పనితనం నేటికీ చూడవచ్చు. 1908 మూసీ వరదలో దెబ్బతిన్న కింది భాగాలు పైభాగాలతో పోలిస్తే వెలవెలబోతుంటాయి. అక్కడ కొలువుతీరేవి అలంలు. అలం అంటే కర్బలాలో అబ్బాస్ మోసిన జెండాకు ప్రతీకగా కర్ర మీద నిలిపే లోహపు పతాక. సుల్తాను స్వయంగా దక్కనీ ఉర్దూలో మర్సియాలు, అంటే శోకగీతాలు, రాశాడు. నేటికీ మొహర్రం 10న దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు అంబారీ మీద బీబీ కా అలం ఊరేగింపు బయలుదేరి మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. ప్రవక్త కుమార్తె, హుసేన్ తల్లి అయిన ఫాతిమాకు అంత్యస్నానం చేయించిన చెక్క ముక్క ఒకటి అందులో ఉన్నదని భక్తుల విశ్వాసం.

నగరంలో సంతాపంగా ఉన్నది పల్లెకు పోయేసరికి పీర్ల పండుగ అయింది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఒక్క షియా కుటుంబం కూడా లేని ఊళ్లు, కొన్ని చోట్ల ముస్లిం ఇల్లే లేని ఊళ్లు, ఈ పండుగను చేస్తాయి. నెలవంక కనబడ్డాక పీర్ల చావిడికి సున్నం వేసి, దాని ముందు అలావా, అంటే నిప్పుల గుండం, తవ్వుతారు. ఏడాదంతా పెట్టెలో ఉన్న పీర్లను, అంటే ఇత్తడి, వెండి పంజాలను, తీసి తోమి, కర్రలకు కట్టి, రంగురంగుల దట్టీలు చుట్టి నిలబెడతారు. పీరు అన్న మాటకు గురువని అర్థం. ఇక్కడ అది అమరుడి పేరు మోసే పంజాకే పేరైంది. ముజావర్ ఊదు పొగ వేసి ఫాతెహా చదువుతాడు. మొక్కుకున్నవారు బెల్లం, కుడుకలు, మలీద తెచ్చి పంచుతారు. బెల్లం కలిపి దంచిన రొట్టె పిండివంటే మలీద. రాత్రుళ్లు డప్పుల మధ్య గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాటల్లో హసన్ హుసేన్ల పేర్ల పక్కనే దూలా అనే కేక మోగుతుంది. దుల్హా, అంటే పెళ్లికొడుకు, ఖాసిమే అతడు. చాలా ఊళ్లలో ఒక పీరుకు ఖాసిం దూలా అనే పేరే ఉంటుంది. హెరాత్‌లో ప్రచారమైన ఒక పెళ్లి ఘట్టం పర్షియన్ రాని, ఉర్దూ రాని గొల్ల, మాదిగ, కాపు కుటుంబాల కేకలో నేటికీ బతికి ఉండడం దక్షిణ భారత సాంస్కృతిక చరిత్రలోని అరుదైన అందాల్లో ఒకటి. పదో రోజున పీర్లు ఊరంతా తిరిగి, ఒకరినొకరు అలాయిబలాయి ఇచ్చుకున్నట్టుగా కలుసుకుని, చెరువుకో వాగుకో వెళ్లి స్నానం చేసి, దట్టీలు విప్పుకుని మళ్లీ పెట్టెలోకి చేరుతాయి.

జాతరలా సాగే ఈ పండుగలో అసలు దుఃఖం మాయమైందని అనేవారున్నారు. గుండం తొక్కడం, పూనకాలు ఇస్లాంలో లేవని సంస్కరణవాద ముస్లింలు అభ్యంతరం చెబుతారు; ఆ అభ్యంతరానికి వారి గ్రంథాల దృష్టిలో ఆధారం ఉంది. అయితే పాటలను శ్రద్ధగా వింటే దుఃఖం ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. దాహం, నీళ్లు దొరకని పిల్లలు, కొడుకుల కోసం ఎదురుచూసే బీబీ ఫాతిమా ఆ పాటల్లో నిండుగా ఉన్నారు. అనంతపురం జిల్లా నార్పల మండలంలోని గూగూడులో కుళ్లాయిస్వామి అనే పీరుకు జరిగే మొహర్రం ఉత్సవానికి రాయలసీమ నుంచీ కర్ణాటక నుంచీ పెద్ద సంఖ్యలో జనం వస్తారు. పీర్ల మకాం పక్కనే ఆంజనేయస్వామి ఆలయం ఉంటుంది. భక్తులు రెండు చోట్లా మొక్కుతారు. ఆ చుట్టుపక్కల హిందూ కుటుంబాల్లో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అన్న పేర్లు సర్వసాధారణం. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి ఈ పండుగ ఏడాదికేడాది వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. పంటకో వానకో ముడిపడని పండుగ వ్యవసాయ సమాజంలో ఇంత గట్టిగా నిలవడానికి ఆ కథ బలమే కారణమని చెప్పుకోవాలి.

తెలుగు నేల ఈ స్మరణకు ముందే కొంత సిద్ధంగా ఉందని కూడా అనిపిస్తుంది. పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరులకు కారంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలై ఐదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఒక్కో రోజు ఆ కథలోని ఒక్కో ఘట్టాన్ని మళ్లీ నడిపిస్తుంది. వీరాచారవంతులు అనే వంశపారంపర్య భక్తులు మోసుకొచ్చే కొణతాలనే ఆయుధాలు వీరులకు మారుగా నిలుస్తాయి. వాటికి నాగులేరులో స్నానం చేయిస్తారు. ఇది మతం కోసం జరిగిన బలిదానం కాదు, రాజ్యం కోసం దాయాదులు చేసిన యుద్ధం. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందనీ చెప్పలేము. అయినా, రోజుకొక ఘట్టంగా కథను నడపడం, చనిపోయినవారి బదులు లోహాన్ని మోయడం, దాన్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లడం తెలిసిన జనానికి అలంను ఎలా గౌరవించాలో కొత్తగా నేర్పవలసిన అవసరం రాలేదు.

సిక్కు సంప్రదాయంలో దేహానికి దహనమే గతి కాబట్టి అవశేషాలను పంచుకునే ఆచారానికి ఆస్కారం లేదు. అక్కడ స్మరణ చోటునూ ప్రార్థననూ పట్టుకుని నిలిచింది. తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్‌ను 1675 నవంబరులో ఔరంగజేబు పాలనలో ఢిల్లీ చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదం చేశారు. మతం మారమన్న ఒత్తిడికి గురైన కాశ్మీరీ పండితుల పక్షాన నిలిచినందుకే ఆయన ప్రాణం పోగొట్టుకున్నాడన్నది సిక్కు సంప్రదాయం. తన మతం కాని వారి విశ్వాసం కోసం చనిపోవడం బలిదానాల చరిత్రలో చాలా అరుదు. అంతకు ముందే ఆయన సహచరులు మతీదాస్, సతీదాస్, దయాళ్‌దాస్‌లను చంపారు. గుంపు చూస్తూ నిలబడ్డ ఆ రోజున ఇద్దరు మాత్రం కదిలారు. భాయీ జైతా అనే దళిత సిక్కు శిరస్సును దాచి ఆనంద్‌పూర్‌కు, గురువు తొమ్మిదేళ్ల కొడుకు, తరువాత గురు గోవింద్ సింగ్ అయిన గోవింద్ రాయ్ చేతికి, చేర్చాడు. లఖీ షా వంజారా అనే వర్తకుడు మొండేన్ని తన బండ్లలో దాచి తెచ్చి, చితి పేరిస్తే తెలిసిపోతుందని తన ఇంటికే నిప్పు పెట్టి దహనం చేశాడు. అందుకే ఒక్క మరణానికి మూడు గురుద్వారాలు: చాందినీ చౌక్‌లోనూ ఆనంద్‌పూర్‌లోనూ సీస్ గంజ్, ఢిల్లీలో ఆ ఇల్లు కాలిన చోట రకాబ్ గంజ్. 1783లో సిక్కు సేనాని బఘేల్ సింగ్ ఢిల్లీలో ప్రవేశించి, ఈ చోట్లను గుర్తింపజేసి గురుద్వారాలు కట్టించేదాకా నూరేళ్లకు పైగా ఆ స్థలాలు నోటి మాటగానే నిలిచాయి.

గురుద్వారాకు వెళ్లలేనివారికి అర్దాస్ ఉంది. ప్రతి కార్యానికి ముందూ తర్వాతా నిలబడి చెప్పే ఆ సామూహిక ప్రార్థనలో గురువులను, గురు గోవింద్ సింగ్ నలుగురు కొడుకులను, ధర్మం కోసం తల ఇచ్చిన పేరు తెలియని స్త్రీపురుషులను వరుసగా తలచుకుంటారు. మార్టిన్ పేరు అడిగి నిర్ధారించుకున్నాడు. అర్దాస్ పేరు లేనివారికీ చోటిచ్చింది. రెండు పద్ధతుల్లోనూ నిజాయితీ ఉంది. 1606లో లాహోర్‌లో హింసల పాలై మరణించిన ఐదవ గురువు అర్జన్ దేవ్ స్మృతిలో జూన్ ఎండల్లో చబీల్ పెడతారు, అంటే దారిన పోయే ప్రతివారికీ చల్లని తీపి పాలనీళ్లు పోస్తారు. మంటల వేడిలో చనిపోయినవాడి జ్ఞాపకం మరొకరి గొంతు చల్లబరచడంగా మారింది. మొహర్రం షర్బత్ పందిళ్లకూ దీనికీ పోలిక ఎవరికైనా తడుతుంది. అయితే తేదీ తగాదాలు ఇక్కడా ఉన్నాయి: 2003లో గురుపర్వాలను సౌరమానంలో స్థిరపరచిన నానక్‌షాహీ క్యాలెండరును 2010లో మళ్లీ సవరించడంతో, ఒకే బలిదానాన్ని రెండు వర్గాలు రెండు రోజుల్లో స్మరించే పరిస్థితి వచ్చింది.

గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులు జోరావర్ సింగ్, ఫతే సింగ్‌ల మరణం 1704 డిసెంబరు చివర జరిగిందని ఎక్కువమంది, 1705 అని కొందరు లెక్కకడతారు. ఇద్దరూ పదేళ్లు నిండనివారు. సర్హింద్ ఫౌజుదారు వజీర్ ఖాన్ మతం మారమంటే నిరాకరించినందుకు వారిని సజీవంగా గోడలో పూడ్పించాడని, గోడ నిలవకపోగా తర్వాత చంపించాడని సంప్రదాయం చెబుతుంది. చలిలో గాలికి తెరచి ఉన్న ఠండా బుర్జ్ అనే బురుజులో వారితో పాటు బందీగా ఉన్న నాయనమ్మ మాతా గుజరీ కూడా అదే సమయంలో ప్రాణం విడిచింది. నేటి ఫతేగఢ్ సాహిబ్‌లో ఏటా డిసెంబరు చివరి వారంలో షహీదీ జోడ్ మేళా జరుగుతుంది. ఆ రోజుల్లో శుభకార్యాలు పెట్టుకోనివారు, రాత్రి నేల మీదనే పడుకునేవారు పంజాబ్‌లో నేటికీ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి డిసెంబరు 26ను వీర్ బాల్ దివస్‌గా పాటిస్తుండగా, ఆ బిడ్డలను బాలలుగా కాక సాహిబ్‌జాదాలుగానే పిలవాలని సిక్కు సంస్థలు పట్టుబట్టాయి. జ్ఞాపకానికి పేరు పెట్టే హక్కు ఎవరిదన్న ఈ ప్రశ్న చిన్నది కాదు. రాజ్యం స్మరణను భుజాన వేసుకున్నప్పుడల్లా, బాగ్దాద్‌లో అయినా గోల్కొండలో అయినా, దాని రూపం కొంత మారుతూనే వచ్చింది.

సర్హింద్ కథలో హంతకులతో పాటు మరికొందరు ముస్లింలూ హిందువులూ కూడా నిలిచిపోయారు. బురుజులోని పిల్లలకు రహస్యంగా పాలు చేరవేసిన మోతీ రామ్ మెహ్రా, దహనానికి కావలసినంత నేలను బంగారు నాణేలు పరచి కొన్న టోడర్ మల్ ఆ మేళాలో అంతే ప్రేమగా వినిపించే పేర్లు. కర్బలా గాథలోనూ ఇలాంటివాడొకడున్నాడు: మొదట హుసేన్ దారిని అడ్డగించిన సైన్యాధికారి హుర్, యుద్ధం ఉదయాన అటు నుంచి ఇటు వచ్చి, ఆయన పక్షాన మొదట చనిపోయినవారిలో చేరాడు. అతనికి కర్బలాకు దగ్గరలోనే వేరుగా సమాధి ఉంది, యాత్రికులు అక్కడికీ వెళతారు. సర్హింద్ కొలువులో పసిపిల్లలను చంపడం తగదని అడ్డుచెప్పినవాడు మలేర్‌కోట్లా నవాబు షేర్ మహమ్మద్ ఖాన్. అతడు గురువు సైన్యంతో పోరాడినవాడే, గురువు పక్షం ఎన్నడూ చేరలేదు. అయినా ఆ ఒక్క అభ్యంతరాన్ని సిక్కులు మరచిపోలేదు. 1947లో పంజాబ్ అంతటా మతం పేరిట ఊళ్లకు ఊళ్లు తగలబడి, తూర్పు పంజాబ్ ముస్లింలు లక్షల సంఖ్యలో సరిహద్దు దాటి పోతున్న వేళ, ముస్లింలు గణనీయంగా ఉన్న మలేర్‌కోట్లా సంస్థానం లోపల ఊచకోతలు జరగలేదు. నవాబు పాలనా యంత్రాంగం వంటి కారణాలనూ చరిత్రకారులు లెక్కలోకి తీసుకుంటారు. ఆ పట్నంవారిని అడిగితే మాత్రం ఎక్కువమంది షేర్ మహమ్మద్ ఖాన్ చెప్పిన అభ్యంతరాన్నే మొదట చెబుతారు. దానికి గుర్తుగా హా దా నారా అనే పేరుతో ఒక గురుద్వారా ఆ ఊళ్లోనే ఉంది.